సార్, నేను గుర్తున్నానా?

నవంబరు నెలాఖరు. రాత్రి పదిన్నర దాటాక ఫోన్ మోగింది. "గుడ్ ఈవెనింగ్ సార్. నేను మీ స్టూడెంట్‌ని. యూఎస్‌కి అప్లై చేస్తున్నా. ఎల్‌వోఆర్ కావాలి సార్. డ్రాఫ్ట్ పంపిస్తున్నా, రేపు సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయగలరా, ప్లీజ్." పేరు దగ్గర 'సాయి' అని మాత్రం ఉంది. ఫొటోలో సముద్రం వైపు తిరిగి నిలబడ్డ ఓ వీపు.

ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో పాఠం చెప్పేవాణ్ణి. ఏడాదికి రెండు సెక్షన్లు, సెక్షనుకు 60 మంది అనుకున్నా పదేళ్లకు 1200 మంది. అందులో సాయిలు ఎంతమందో లెక్కపెట్టలేదు కానీ ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురు ఉంటారు. ఆ వీపును బట్టి ఈ సాయి ఎవరో పోల్చుకోలేకపోయాను. పంపిన డ్రాఫ్ట్ తెరిచి చూస్తే 'చురుకైన, కష్టపడే, క్రమశిక్షణ గల విద్యార్థి' అని మొదలైంది. అంతకుముందు వారం ఇంకో విద్యార్థి పంపిన డ్రాఫ్ట్ కూడా అక్షరం పొల్లు పోకుండా అలాగే మొదలైంది. కన్సల్టెన్సీ వాళ్లిచ్చే నమూనా అది.

పై చదువులకు విదేశాలకు దరఖాస్తు చేసే పిల్లలు సిఫారసు లేఖను మార్కుల మెమోలాగా ఒక కాగితం అనుకుంటారు. ఆఫీసులో అడిగితే బోనఫైడ్ ఇచ్చినట్టు, సార్‌ని అడిగితే ఎల్‌వోఆర్ ఇస్తారని. కానీ మెమో రిజిస్టర్‌లోంచి వస్తుంది, ఈ లేఖ మనిషి జ్ఞాపకంలోంచి రావాలి. చిక్కంతా అక్కడే ఉంది. చదువు ముగిసి మూడు నాలుగేళ్లు గడిచాక పాత ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరం వినయంగా ఉంటే సరిపోదు. అది ఆయన మరిచిపోయినదాన్ని ఆయన చేతికి తిరిగి ఇవ్వాలి.

అవతల చదివేవాళ్లకు ఏం కావాలి?

అమెరికాలో ఎంఎస్‌కైనా, పీహెచ్‌డీకైనా సాధారణంగా మూడు లేఖలు అడుగుతారు. బ్రిటన్‌లో మాస్టర్స్‌కు చాలాచోట్ల రెండు చాలు. జర్మనీలో కొన్ని కోర్సులకు సంతకం, స్టాంపు ఉన్న లేఖను విద్యార్థే స్కాన్ చేసి దరఖాస్తుతో జతచేయాలి. అమెరికా పద్ధతి వేరు. దరఖాస్తులో ప్రొఫెసర్ పేరు, హోదా, ఈమెయిల్ నింపితే పోర్టల్ నుంచి ఆయనకే నేరుగా ఒక లింకు వెళుతుంది. లేఖ ఆ దారినే పైకి వెళుతుంది. మధ్యలో విద్యార్థి చెయ్యి పడదు.

ఆ లింకు తెరిస్తే లేఖ ఎక్కించే చోటుకు ముందు తరచూ ఒక ఫారం ఉంటుంది. ఈ విద్యార్థి మీకు ఎన్నాళ్లుగా తెలుసు, ఏ హోదాలో తెలుసు అని మొదటి ప్రశ్న. కింద ఒక పట్టిక. పరిశోధనా సామర్థ్యం, రాతలో నేర్పు, సొంతంగా పనిచేసే గుణం, నలుగురితో కలిసి పనిచేసే తీరు వరసగా ఉంటాయి. ఒక్కోదానికి ఎదురుగా, మీరు చూసిన విద్యార్థులందరిలో ఈమె మొదటి 5 శాతంలో ఉందా, 10 శాతంలోనా, 25 శాతంలోనా అని గళ్లు. చివరి గడిలో 'చెప్పగలిగేంత తెలియదు' అనే వీలు కూడా ఉంటుంది. నిజాయితీ గల మాస్టారు ఆ గడిని కూడా వాడతాడు. అన్నిటికీ కళ్లు మూసుకుని మొదటి గడి టిక్కు పెట్టిన ఫారాన్ని అవతలివాళ్లు ఎంత నమ్ముతారో ఊహించుకోవచ్చు.

పీహెచ్‌డీ ఎంపికలో ఈ లేఖ బరువు ఇంకా ఎక్కువ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ మోర్ హార్కోల్-బాల్టర్ పీహెచ్‌డీ ఆశావహుల కోసం రాసిన మార్గదర్శిని ఆ రంగంలో చాలామంది చదువుతారు. 'క్లాసులో బాగా చదివాడు' అని మాత్రమే చెప్పే లేఖకు విలువ కట్టలేమని అందులో ఆమె వివరిస్తారు. కారణం తేలికే. క్లాసులో బాగా చదివిన సంగతి మెమో చూస్తే తెలుస్తుంది. మెమోలో లేనిదేదో చెప్పడానికే లేఖ. ప్రయోగం తప్పినప్పుడు ఈ మనిషి ఏం చేసింది? చెప్పని పని తనంతట తాను చేసిందా? రాసిన వాక్యం తప్పని చూపిస్తే ఎలా తీసుకుంది? దగ్గరుండి చూసినవాళ్లే వీటికి జవాబు చెప్పగలరు.

అందుకే ఎవరిని అడగాలన్న ప్రశ్నలో హోదా రెండో సంగతి. ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద వచ్చిన నాలుగు ఉత్త వాక్యాలకన్నా, ల్యాబ్‌లో రోజూ పక్కన నిలబడిన అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసిన పేజీ మేలు. ఆ సారు కాలేజీ మారినా ఫర్వాలేదు. ఇప్పుడున్న చోటు లెటర్‌హెడ్ మీదే రాసి, 'ఫలానా కాలేజీలో పనిచేస్తున్నప్పుడు ఈమె ప్రాజెక్టుకు గైడ్‌ని' అని ఒక్క వాక్యం కలిపితే చాలు.

అడిగిన తీరు

నాకు అందిన అభ్యర్థనల్లో నేను ఇప్పటికీ ఫైల్లో దాచుకున్నది ఒకటుంది. 2023 అక్టోబరు రెండో వారంలో వచ్చింది. రాసినామె 2017–19 బ్యాచ్‌లో నా దగ్గర ఎం.టెక్. ప్రాజెక్టు చేసింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఉద్యోగం చేసి అమెరికాలో ఆరు విశ్వవిద్యాలయాలకు పీహెచ్‌డీ దరఖాస్తు పెట్టుకోబోతోంది. మెయిల్ ఇంగ్లిషులోనే రాసింది. సారాంశం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"సార్, నమస్కారం. నేను 2017–19 ఎం.టెక్. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ బ్యాచ్. నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద మీ దగ్గర ప్రాజెక్టు చేశాను. ఫొటో, రోల్ నంబరు కింద పెట్టాను.

"వచ్చే ఏడాది ఫాల్‌కు భూగర్భ జలాల మీద పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను. నేను ల్యాబ్‌లో, ఫీల్డులో పనిచేయడం దగ్గరగా చూసింది మీరే కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. నా గురించి గట్టిగా రాయగలనని మీకు అనిపిస్తేనే ఒప్పుకోండి సార్. తీరిక లేకపోయినా, అంతగా గుర్తులేకపోయినా చెప్పండి, ఏమీ అనుకోను. ఇంకొకరిని అడగడానికి నాకు టైముంది.

"మొదటి గడువు డిసెంబరు 1, చివరిది జనవరి 5. మీరు సరేనంటేనే మీ ఈమెయిల్ పోర్టళ్లలో ఇస్తాను. మీకు గుర్తు చేయడానికి ఒక పేజీ నోట్ జత చేశాను."

ఇంతే. పొగడ్త లేదు. 'మీ ఆశీస్సుల వల్లే ఇంతదాన్ని అయ్యాను' అని లేదు. చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. అందులో ఆమె చేసిన పనులు మూడు. తను ఎవరో చెప్పింది. నన్నే ఎందుకు అడుగుతోందో చెప్పింది. కాదనడానికి నాకు తలుపు తెరిచి ఉంచింది.

ఆ మూడోది చాలామందికి తోచదు. మన దగ్గర పాత విద్యార్థి అడిగితే లేదనడం ఏ మాస్టారికైనా ఇబ్బందే. సరేనని చప్పగా నాలుగు ముక్కలు రాసి పంపిస్తాడు. అడిగినవాడికి సారు రాశారని తెలుస్తుంది కానీ ఏం రాశారో తెలియదు. చప్పటి లేఖ చేసే నష్టం లేఖ రానిదానికన్నా తక్కువేమీ కాదు. అందుకే కాదనే అవకాశం ఇవ్వడం మర్యాదే కాదు, తెలివి కూడా. ఆ అవకాశం ఇవ్వాలంటే వ్యవధి ఉండాలి. గడువుకు ఆరేడు వారాల ముందు అడిగితేనే 'ఇంకొకరిని అడుగుతాను' అన్న మాట నిజమవుతుంది. రేపే ఆఖరు రోజు అయినప్పుడు ఆ మాటకు అర్థం లేదు.

ఆ ఒక్క పేజీ

అసలు విషయం ఆ జత చేసిన నోట్‌లో ఉంది. 'నేను కష్టపడతాను' వంటి వాక్యం అందులో ఒక్కటీ లేదు. జరిగిన సంగతులున్నాయి. వాటిలో ఒకటి చదవగానే నాకు ఆ నెలంతా కళ్లముందు కదిలింది.

ప్రాజెక్టులో 36 బోర్ల నీటిని పరీక్షించింది. ప్రతి నమూనాకూ రెండు పద్ధతులు. ఒకటి రంగు తగ్గడాన్ని బట్టి కొలిచేది, ఇంకొకటి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ఒకరోజు కొలిచిన అయిదు నమూనాల్లో ఎలక్ట్రోడ్ 1.5 దాటి చూపించింది, రంగు పద్ధతి దాటలేదంది. ఒక బోరుకు ఇది 1.6 అంటే అది 1.3 అంది. వ్యత్యాసం అయిదింటికీ ఒకే నిష్పత్తిలో ఉంది.

'ఎక్కువ చూపించింది రాసేద్దాం, జాగ్రత్తకు మంచిది' అని ఆ రోజు ల్యాబ్‌లో ఎవరో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఒకే నిష్పత్తిలో తేడా వచ్చిందంటే తప్పు నీళ్లలో లేదు, సరిచూసుకునే ద్రావణంలో ఉందని అనుమానించింది. వెతికితే తేలింది. ఎలక్ట్రోడ్‌ను సరిచేసే ప్రామాణిక ద్రావణాన్ని 200 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో కలపాల్సింది 250 ఫ్లాస్కులో కలిపారు. ద్రావణం చీటీ మీద రాసినదానికన్నా పలచనైంది. దానితో పోల్చినప్పుడు నమూనాలు నాలుగో వంతు ఎక్కువగా కనిపించాయి. కొత్త ద్రావణం చేసి అయిదూ మళ్లీ కొలిచింది. తర్వాతి ఆదివారం బస్సెక్కి వెళ్లి ఆ బోర్ల నుంచి మళ్లీ నీళ్లు పట్టుకొచ్చి మూడోసారి కొలిచింది. ల్యాబ్ నోట్‌బుక్‌లో పాత అంకెలను చెరపలేదు. ఒక గీత కొట్టి, పక్కన తేదీ, కారణం రాసింది. ఆ పేజీ ఫొటో తీసి నోట్‌తోపాటు పంపింది.

ఇదంతా నేను చూసిందే. ఒకప్పుడు నోట్‌బుక్ కింద సంతకం పెట్టిందీ నేనే. నాలుగేళ్లలో అంతా చెదిరిపోయింది. నోట్ లేకుండా లేఖ రాసి ఉంటే 'ఫ్లోరైడ్ మీద మంచి ప్రాజెక్టు చేసింది, శ్రద్ధ గల విద్యార్థిని' అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు, అలాగని అందులో ఎవరికీ ఏమీ దొరకదు. ఇప్పుడు లేఖలో ఒక పేరా మొత్తం ఆ ఫ్లాస్కు గురించే రాశాను. దాని చివర నా సొంత మాట ఒకటి కలిపాను. నేను గైడ్ చేసిన ఎం.టెక్. విద్యార్థుల్లో, తన కొలతను తానే అనుమానించి మూలం దాకా వెళ్లినవాళ్లు ముగ్గురే, వారిలో ఈమె ఒకతె అని. ఆ పోలిక ఆమె రాసుకోలేదు, రాసుకోకూడదు కూడా. నలుగురిలో తన స్థానం ఎక్కడో విద్యార్థికి తెలియదు. అందరినీ చూసిన మాస్టారికే తెలుస్తుంది.

నోట్‌లో ఇంకో రెండు సంగతులున్నాయి. రెండో సెమిస్టర్ సెమినార్‌లో నేను తిప్పికొట్టిన నివేదికను మళ్లీ ఎలా రాసిందో ఒకటి. ఉద్యోగంలో చేరాక ఆ ప్రాజెక్టు తనకు ఎక్కడ పనికొచ్చిందో మరొకటి. ఒక సబ్జెక్టులో మార్కులు ఎందుకు తగ్గాయో కూడా దాచకుండా రాసింది. దాని గురించి లేఖలో రాయాలా వద్దా అన్నది నాకే వదిలేసింది. చివర ఆరు వరసల పట్టిక. విశ్వవిద్యాలయం, విభాగం, గడువు తేదీ, లేఖలో వాళ్లు ప్రత్యేకంగా ఏమైనా అడిగారా అన్నది, అన్నీ తేదీల వరసలో ఉన్నాయి. చూడ్డానికి ఇది చిన్న సంగతే. కానీ ఆ సీజన్‌లో అయిదుగురు విద్యార్థులు తలా ఆరు చోట్లకు అడిగితే మాస్టారి ముందు 30 ఫారాలుంటాయి. అవి కూడా సరిగ్గా సెమిస్టర్ పరీక్షల రోజుల్లో.

"నువ్వే రాసుకురా, సంతకం పెడతా"

మన కాలేజీల్లో ఎక్కువమంది సార్లు చెప్పే మాట ఇదే. తప్పు వాళ్లదే అనలేను. పని ఒత్తిడి నిజం, ఇంగ్లిషులో పేజీ రాయాలంటే బెరుకూ నిజమే. కానీ విద్యార్థే రాసుకున్న లేఖ ఇట్టే పట్టుబడుతుంది. ముగ్గురు మాస్టార్ల లేఖల్లోనూ ఒకే గొంతు వినిపిస్తుంది. ఒకే విశేషణాలు, ఒకే ఖాళీ. విద్యార్థికి తన గురించి గొప్పలు రాయడం రాదు, వస్తే అతిగా వస్తుంది. పైగా ఎవరి మాటలనో తన మాటలుగా సంతకం పెట్టి పంపడం సార్‌కూ మంచిది కాదు.

ఆ మాట విన్నప్పుడు విద్యార్థి గురువుతో వాదనకు దిగలేడు. దిగనక్కర్లేదు కూడా. "సార్, లేఖ నేను రాస్తే నా మాటల్లా ఉంటుంది. మీకు కావలసిన వివరాలన్నీ ఒక పేజీలో పెట్టాను. మీరు ఫోన్లో పది నిమిషాలు చెప్పినా చాలు" అంటే చాలామంది మెత్తబడతారు. సంగతులు విద్యార్థివి, తీర్పు మాస్టారిది. ఆ గీత చెరగకుండా చూసుకుంటే చాలు. ఇంకొందరు మాస్టారి పేరుతో తామే ఒక జీమెయిల్ తెరిచి, లింకు అక్కడికి రప్పించుకుని లేఖ ఎక్కించేస్తారు. అది మోసం. సీటు వచ్చాక బయటపడినా ఆ సీటు పోతుంది.

సాధారణ జీమెయిల్‌ను కొన్ని విశ్వవిద్యాలయాలు అనుమానంగా చూడటానికి కారణం ఇదే. కాలేజీ పేరుతో ఉన్న మెయిల్ సార్‌కు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. ఉన్నా ఆయన దాన్ని రోజూ తెరుస్తారో లేదో కూడా అడగాలి.

చూడనని రాసివ్వడం

పోర్టల్‌లో ఒకచోట ఇంకో ప్రశ్న వస్తుంది. ఈ లేఖను చూసే హక్కును వదులుకుంటారా అని. 1974లో అమెరికా చేసిన 'ఫెర్పా' చట్టం ప్రకారం, విద్యార్థి అక్కడ చేరాక తన రికార్డులు చూడవచ్చు. సిఫారసు లేఖలు కూడా అందులోకే వస్తాయి. వదులుకుంటానని టిక్కు పెడితే ఆ లేఖలు చూడలేరు. వదులుకోవాలని బలవంతం లేదు. కానీ దాదాపు అందరూ వదులుకుంటారు. విద్యార్థి ఏం ఎంచుకుందో లేఖ రాసే మాస్టారికీ, చదివేవాళ్లకూ కనిపిస్తుంది. చూడదని తెలిస్తేనే మాస్టారు మొహమాటం లేకుండా రాశాడని చదివేవాళ్లు నమ్ముతారు. 'సార్, ఒక కాపీ నాకూ పంపరా' అని తర్వాత అడిగేవాళ్లుంటారు. వదులుకున్న హక్కును పెరటి దారిన తెచ్చుకోవడం అది.

లింకు దారితప్పడం మామూలే. మెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం తేడా పడితే అది ఎవరికీ చేరదు. సరిగ్గా ఇచ్చినా స్పామ్‌లో పడవచ్చు. కొన్ని పోర్టళ్లు వివరాలు నింపగానే లింకు పంపుతాయి, మరికొన్ని దరఖాస్తు మొత్తం సమర్పించాకే పంపుతాయి. ఆ రెండో రకంలో విద్యార్థి ఆఖరి రోజు రాత్రి దరఖాస్తు సమర్పిస్తే, మాస్టారికి లింకు వెళ్లేది కూడా ఆ రాత్రే. అలాంటిచోట విద్యార్థి తన గడువును రెండు వారాలు ముందుకు జరుపుకోవాలి. లింకు పంపిన రోజే 'సార్, ఈ పేరుతో మెయిల్ వచ్చి ఉంటుంది, కనిపించకపోతే స్పామ్ చూడండి' అని ఒక ముక్క రాస్తే సగం తలనొప్పి తీరుతుంది. లేఖ చేరిందో లేదో పోర్టల్‌లోనే కనిపిస్తుంది కాబట్టి సార్‌ను రోజూ అడగక్కర్లేదు. గడువుకు వారం ముందు ఒకసారి, అప్పటికీ చేరకపోతే రెండు రోజుల ముందు ఇంకోసారి గుర్తు చేస్తే చాలు. ఆ ఫ్లోరైడ్ అమ్మాయి నాకు గుర్తు చేసింది ఒక్కసారే. అయిదో విశ్వవిద్యాలయం లింకు నిజంగానే స్పామ్‌లో ఉంది.

ఏప్రిల్‌లో ఆమె నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. ఆర్థిక సాయంతో సీటిచ్చే విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ఏప్రిల్ 15 లోగా జవాబు అడుగుతాయి. రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకదానికి ఒప్పుకున్నానని రాసింది. మిగతా నాలుగు చోట్లా రాలేదని కూడా రాసింది. లేఖ వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. నేను నేర్చుకున్నది వేరు.

నాలుగేళ్ల తర్వాత ఆమె నాకు పంపిన ఆ పేజీ, నిజానికి నాలుగేళ్ల ముందే నా దగ్గర ఉండాల్సింది. అందుకే ఇప్పుడు ప్రాజెక్టు వైవా అయిన రోజే ప్రతి విద్యార్థి చేతా ఒక పేజీ రాయిస్తున్నాను. మొత్తం ప్రాజెక్టులో ఎక్కడ తప్పు జరిగింది, దాన్ని ఎలా కనిపెట్టావు అని ఒక్కటే ప్రశ్న. కింద నేను రెండు వాక్యాలు రాసి, పైన వాళ్ల ఫొటో అంటించి, బ్యాచ్ వారీగా ఫైల్లో పెడుతున్నాను.

ఆ రాత్రి మెసేజ్ పెట్టిన సాయికి మాత్రం ఫోన్ చేశాను. "నువ్వెవరో నాకు గుర్తు రావట్లేదు బాబూ" అని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సార్, సర్వే క్యాంపులో లెవెలింగ్ స్టాఫ్ తలకిందులుగా పట్టుకున్నది నేనే" అన్నాడు. వెంటనే గుర్తొచ్చాడు. ఆ సాయంత్రం లెక్కలన్నీ తానే మళ్లీ వేసుకొచ్చాడు. ఆ ముక్క డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు.